మార్చి 31 నాటి అంకె.. ఏడాది పొడవునా నిలుస్తుందా?

గుంటూరు: మిర్చి యార్డులో సరకును అరువుపై ఇచ్చే ఒక కమీషన్ వ్యాపారి ముందు రెండు కారం మిల్లుల ఆస్తి అప్పుల పట్టీలు ఉన్నాయనుకుందాం. రెండు మిల్లులూ ఏడాదికి రూ.12 కోట్ల విలువైన కారం అమ్మేవే. రెండూ 45 రోజుల గడువుపై రూ.40 లక్షల విలువైన టిక్కీలను అడుగుతున్నాయి. ఆ మొత్తం వ్యాపారి సొంత సొమ్ము ఒక్కటే కాదు. అందులో రైతులకు అతడు చెల్లించవలసిన డబ్బు కూడా ఉంది. మిల్లు చేతులెత్తేస్తే మొదట ఇబ్బంది పడేది వ్యాపారి, ఆ వెంటనే రైతు.

వ్యాపారి తనకు తెలిసిన పద్ధతిలో నిష్పత్తులు కట్టి చూశాడు. మొదటి మిల్లు కరెంట్ రేషియో 1.38 వచ్చింది. రెండో మిల్లుది 1.67. ఏడాదిలో సరకు ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే నిష్పత్తి మొదటి మిల్లుకు 1.8 కాగా, రెండో మిల్లుకు 12. వాణిజ్యశాస్త్రం చదివిన ఏ విద్యార్థినడిగినా రెండో మిల్లే భద్రమని చెబుతాడు. మొదటి మిల్లులో సరకు కదలడం లేదని, అప్పు మాత్రం నిండుగా ఉందని కూడా అంటాడు. ఈ తీర్పులో కూడికలు, భాగహారాలు అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా తీర్పు తప్పు కావచ్చు. ఎందుకో తెలియాలంటే ఆ అంకెలు ఏ రోజువో, ఏ పద్ధతిలో రాసినవో చూడాలి.

(ఈ రెండు మిల్లులు, వాటి అంకెలు వివరణ కోసం ఊహించినవి. లెక్క సులువుగా ఉండేందుకు మిల్లు నిర్వహణ అప్పంతా బ్యాంకు క్యాష్ క్రెడిట్ రూపంలోనే ఉందని, లాభాన్ని యజమానులు ఎప్పటికప్పుడు తీసుకుంటున్నారని భావించడమైనది.)

ఒకే మిల్లు.. నాలుగు ముఖాలు

గుంటూరు ప్రాంతంలో మిరప కోతలు సాగే నెలల్లోనే యార్డుకు సరకు వెల్లువెత్తుతుంది. ఏడాది పొడవునా కారం ఆడించే మిల్లుకు ఇక్కడ రెండు దారులున్నాయి. సీజనులోనే ఏడాదికి సరిపడా కాయలు కొని శీతల గిడ్డంగిలో పెట్టుకోవడం ఒకటి. నెలనెలా గిడ్డంగుల్లోని సరకును ఇతరుల వద్ద కొనుక్కోవడం మరొకటి. మన మొదటి మిల్లుది మొదటి దారి, రెండో మిల్లుది రెండో దారి.

మొదటి మిల్లు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో నెలకు రూ.3 కోట్ల చొప్పున మొత్తం రూ.9 కోట్ల కాయలు కొంటుంది. నెలకు రూ.75 లక్షల సరకు ఆడిస్తుంది. జనవరి నెలాఖరుకు దాని వద్ద మిగిలేది రూ.50 లక్షల సరకే. ఫిబ్రవరి ఆఖరుకు అది రూ.2.75 కోట్లకు, మార్చి ఆఖరుకు రూ.5 కోట్లకు, ఏప్రిల్ ఆఖరుకు రూ.7.25 కోట్లకు పెరుగుతుంది. అక్కడి నుంచి నెలకు రూ.75 లక్షల చొప్పున తరుగుతూ మళ్లీ జనవరికి రూ.50 లక్షలకు చేరుతుంది. దీనికి తోడు ఏ నెలలో చూసినా కొనుగోలుదారుల నుంచి రావలసిన బాకీలు రూ.2 కోట్లు, చేతిలో నగదు రూ.30 లక్షలు ఉంటాయి. నిర్వహణలో యజమానుల సొంత పెట్టుబడి రూ.2 కోట్లు. మిగిలినదంతా బ్యాంకు అప్పు.

ఇప్పుడు మార్చి 31న చూద్దాం. సరకు, బాకీలు, నగదు కలిసి ప్రస్తుత ఆస్తులు రూ.7.30 కోట్లు. సొంత సొమ్ము రెండు కోట్లు పోగా ప్రస్తుత అప్పులు రూ.5.30 కోట్లు. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 1.38. వ్యాపారి చూసిన అంకె ఇదే.

నెల ముందుకు జరిగి ఏప్రిల్ 30న చూస్తే ఆస్తులు రూ.9.55 కోట్లు, అప్పులు రూ.7.55 కోట్లు. నిష్పత్తి 1.26కు దిగుతుంది. జులై ఆఖరుకు మళ్లీ 1.38. అదే మిల్లును జనవరి 31న చూస్తే ఆస్తులు రూ.2.80 కోట్లు, అప్పులు కేవలం రూ.80 లక్షలు. నిష్పత్తి 3.5. ఈ పది నెలల్లో మిల్లులో కొత్త పెట్టుబడి రాలేదు. ఉన్న పెట్టుబడి పోలేదు. యజమానుల రెండు కోట్లు ఏ రోజు చూసినా రెండు కోట్లే. నిష్పత్తి మాత్రం 1.26 నుంచి 3.5 వరకు ఊగింది. సరకుతోపాటు అప్పు కూడా సమానంగా పెరగడం, తరగడం ఇందుకు కారణం. భాగహారంలో పై అంకెకు, కింది అంకెకు ఒకే మొత్తం కలిపితే ఒకటికి పైనున్న నిష్పత్తి ఒకటి వైపు దిగివస్తుంది. రెండింటి నుంచి ఒకే మొత్తం తీసేస్తే పైకి ఎగబాకుతుంది.

రెండో మిల్లులో ఈ ఊగిసలాట లేదు. నెలకు సరిపడా రూ.80 లక్షల సరకు, రూ.2 కోట్ల బాకీలు, రూ.20 లక్షల నగదు కలిపి ఎప్పుడూ రూ.3 కోట్ల ఆస్తులే. అప్పు రూ.1.80 కోట్లు. ఏ నెల చూసినా నిష్పత్తి 1.67. అయితే దాని యజమానులు నిర్వహణలో పెట్టిన సొంత సొమ్ము రూ.1.20 కోట్లు మాత్రమే. అంటే మార్చి 31న 'బలంగా' కనబడిన మిల్లు వెనుక ఉన్న సొంత డబ్బు, 'బలహీనంగా' కనబడిన మిల్లు వెనుక ఉన్న దానికంటే రూ.80 లక్షలు తక్కువ.

సగటు తీసినా తీరని చిక్కు

సరకు టర్నోవర్‌కు సంబంధించి పాఠ్యపుస్తకాలు ఒక జాగ్రత్త చెబుతాయి. ఏడాది ఆఖరు సరకును మాత్రమే కాక, తొలి సరకును కూడా కలిపి సగటు తీయమంటాయి. సీజను వ్యాపారంలో ఈ జాగ్రత్త అక్కరకు రాదు. తొలి సరకు అంటే కిందటేడాది మార్చి 31 నాటిది, ఆఖరు సరకు అంటే ఈ ఏడాది మార్చి 31 నాటిది. రెండూ సీజను మధ్యలోని రోజులే. రెండూ రూ.5 కోట్లయితే సగటూ రూ.5 కోట్లే. రూ.9 కోట్ల వాడకాన్ని దానితో భాగిస్తే 1.8 వస్తుంది.

పన్నెండు నెలల ఆఖరు నిల్వలు కూడి సగటు తీస్తే అది రూ.3.88 కోట్లకు దిగుతుంది. టర్నోవర్ 2.3 అవుతుంది. ఇది కాస్త నిజానికి దగ్గరి అంకె. ఇది కూడా రెండో మిల్లు 12తో పోల్చదగినది కాదు. గిడ్డంగిలో ఉన్న సరకు అమ్ముడుపోక నిలిచిపోయింది కాదు, మున్ముందు నెలల కోసం ముందే కొన్నది. అలా ముందే కొనకపోవడం వల్లనే రెండో మిల్లు అదే పరిమాణం కాయలకు రూ.9 కోట్లకు బదులు రూ.9.60 కోట్లు చెల్లిస్తోందని అనుకుందాం. ఆ అదనపు రూ.60 లక్షల్లో గిడ్డంగి యజమానికి చేరే అద్దె, సరకు పట్టి ఉంచిన వ్యాపారి కట్టిన వడ్డీ, అతని లాభం దాగి ఉన్నాయి.

ఇక్కడే మరో నిష్పత్తి ఎదురు దిశలో దారి తప్పిస్తుంది. స్థూల లాభ నిష్పత్తి మొదటి మిల్లుకు 25 శాతం, రెండో మిల్లుకు 20 శాతం వస్తుంది. ఇది చూసి మొదటి మిల్లు యజమాని మహా నేర్పరి అనుకుంటే పొరపాటే. అతడు కట్టే వడ్డీ స్థూల లాభం లెక్కలోకి రాదు, దాని కింద వస్తుంది. సగటున రూ.4.18 కోట్ల అప్పుపై 10 శాతం వడ్డీ దాదాపు రూ.42 లక్షలు. గిడ్డంగి అద్దె రూ.8 లక్షలనుకుంటే మొత్తం రూ.50 లక్షలు. రెండో మిల్లు వడ్డీ రూ.18 లక్షలే. ఇవి తీసేస్తే మొదటి మిల్లుకు మిగిలేది రూ.2.50 కోట్లు, రెండో మిల్లుకు రూ.2.22 కోట్లు. అయిదు శాతంగా కనబడిన తేడా రెండున్నర శాతం లోపునకు కుంచించుకుపోయింది. ఒకరు వడ్డీ రూపంలో కడుతున్న దానినే మరొకరు సరకు ధరలో కలిపి కడుతున్నారు.

1.33 ఎక్కడిది?

బ్యాంకు మేనేజరు నోట తరచుగా వినిపించే 1.33 అనే గీటురాయికి ఒక చరిత్ర ఉంది. రిజర్వు బ్యాంకు నియమించిన టాండన్ కమిటీ 1975లో ఇచ్చిన నివేదికలో, ప్రస్తుత ఆస్తుల్లో కనీసం నాలుగో వంతును సంస్థ తన దీర్ఘకాలిక నిధుల నుంచే సమకూర్చుకోవాలన్న పద్ధతిని సూచించింది. నాలుగు రూపాయల ఆస్తిలో ఒక రూపాయి సొంతమైతే అప్పు మూడు రూపాయలు. నాలుగును మూడుతో భాగిస్తే 1.33. ఈ పద్ధతిని తప్పనిసరిగా పాటించాలన్న నిబంధనను రిజర్వు బ్యాంకు 1997లో సడలించి, నిర్ణయాన్ని బ్యాంకులకే వదిలింది. అలవాటు మాత్రం పోలేదు.

మన మొదటి మిల్లు మార్చి 31న ఈ గీత దాటింది. నెల తిరిగేసరికి గీత కిందికి వచ్చింది. సీజను వ్యాపారాలు తెలిసిన శాఖల్లో ఇందుకే అప్పు పరిమితిని సీజను నెలలకు ఒకటిగా, మిగిలిన నెలలకు మరొకటిగా విడగొట్టి మంజూరు చేస్తారు. అలా కాక ఏడాదంతటికీ ఒకే పరిమితి పెడితే మిల్లుకు ఏప్రిల్‌లో సొమ్ము చాలదు, జనవరిలో అక్కరలేని సొమ్ము అందుబాటులో ఉంటుంది. ఆ అక్కరలేని సొమ్ము స్థలాలకో, ఇంటి నిర్మాణానికో మళ్లితే వచ్చే సీజనులో తిరిగి రావడం కష్టం. చాలా మిల్లుల కష్టాలు మొదలయ్యేది ఇక్కడే.

తేదీ మహిమ ఎంతటిదో చెప్పడానికి మరో ఉదాహరణ చాలు. మొదటి మిల్లు మార్చి చివరి వారంలో కొనవలసిన రూ.2 కోట్ల సరకును ఏప్రిల్ 1న కొన్నదనుకుందాం. ఆస్తులు, అప్పులు చెరో రెండు కోట్లు తగ్గి నిష్పత్తి ఒక్కసారిగా 1.38 నుంచి 1.61కి చేరుతుంది. ఇందులో దొంగ లెక్క లేదు, చట్ట విరుద్ధమేమీ లేదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లేఖలో నగదు, బ్యాంకు నిల్వలను రూ.5,040 కోట్ల మేర ఎక్కువ చేసి చూపినట్లు అంగీకరించిన ఉదంతం తెలుగువారు మరచిపోలేదు. అది లేని సొమ్మును ఉన్నట్లు రాసిన వ్యవహారం. ఇక్కడ చెబుతున్నది వేరు. ప్రతి అంకె నిజమై, ప్రతి రసీదు సరైనదై ఉన్నా పోలిక తప్పవచ్చు.

పత్తి మిల్లుకు అదే తేదీ పండగ

జిల్లాలోని పత్తి జిన్నింగు మిల్లును ఈ కారం మిల్లు పక్కన పెడితే చిత్రం మరింత విచిత్రంగా ఉంటుంది. పత్తి రాక అక్టోబరులో మొదలై శీతకాలంలో ముమ్మరంగా సాగుతుంది. మార్చి ఆఖరుకు సరకులో ఎక్కువ భాగం బేళ్లుగా అమ్ముడై, బ్యాంకు అప్పు చాలావరకు తీరి ఉంటుంది. ఏడాదిలో ఆ మిల్లు అత్యంత ఆరోగ్యంగా కనబడే రోజుల్లో మార్చి 31 ఒకటి. కారం మిల్లుకు అదే రోజు గిడ్డంగి నిండుతూ, అప్పు పెరుగుతూ ఉండే సమయం. ఒకరిని పండగ నాడు, మరొకరిని పని రోజున చూసి పోల్చినట్లవుతుంది.

చక్కెర కర్మాగారాలకూ మార్చి ఆఖరు గోదాములు నిండి ఉండే కాలమే. క్రషింగు సీజను ముగిశాక, సెప్టెంబరు 30న లెక్కలు మూసే చక్కెర కంపెనీలు ఒకప్పుడు ఉండేవి. 2013 కంపెనీల చట్టం ఆర్థిక సంవత్సరమంటే మార్చి 31తో ముగిసేదేనని నిర్దేశించడంతో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అందరూ ఆ తేదీకి మారవలసి వచ్చింది. తేదీ ఒకటైనంత మాత్రాన సీజను ఒకటి కాలేదు. పైగా అలాంటి కంపెనీకి మారకముందరి నిష్పత్తులను, మారిన తర్వాతి వాటిని ఒకే వరుసలో పెట్టి చూస్తే, వ్యాపారంలో ఏ మార్పూ లేకపోయినా గీత విరిగినట్లు కనబడుతుంది.

తరుగుదల తెచ్చే తకరారు

సీజను సంగతి అలా ఉంచితే, ఇక రెండో చిక్కు లెక్కలు రాసే పద్ధతిది. మొదటి మిల్లు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అని, రెండోది భాగస్వామ్య సంస్థ అని అనుకుందాం. రెండింట్లోనూ ఒకేసారి కొన్న రూ.3 కోట్ల యంత్రాలున్నాయి. తరుగుదల ప్రభావం ఒక్కటే విడిగా కనబడేందుకు, తరుగుదల తీయకముందు లాభం ఏటా రెండింటికీ సమానంగా రూ.1.20 కోట్లేనని భావిద్దాం.

కంపెనీ స్థిర వాయిదాల పద్ధతి ఎంచుకుంది. కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం సాధారణ యంత్రాలకు 15 ఏళ్ల ఆయుర్దాయం, 5 శాతం మిగులు విలువ పెట్టుకుంటే ఏటా తరుగుదల రూ.19 లక్షలు. భాగస్వామ్య సంస్థలు చాలావరకు ఆదాయపు పన్ను రేట్లనే ఖాతాల్లోనూ వాడతాయి. యంత్రాలకు ఆ రేటు తగ్గుతున్న నిల్వపై 15 శాతం. మొదటి ఏడాది తరుగుదల రూ.45 లక్షలు అవుతుంది.

తొలి ఏడాది కంపెనీ లాభం రూ.1.01 కోట్లు, సంస్థ లాభం రూ.75 లక్షలు. అమ్మకాలపై ఒకరికి 8.4 శాతం, మరొకరికి 6.25 శాతం. యంత్రాలు ఒకటే, కారం ఒకటే, చేతికి వచ్చిన నగదు ఒకటే. ఏడేళ్లు గడిచేసరికి కథ తిరగబడుతుంది. తగ్గుతున్న నిల్వపై లెక్క కట్టే తరుగుదల ఏటా దిగుతూ ఏడో ఏట రూ.17 లక్షలకు వస్తుంది. సంస్థ లాభం రూ.1.03 కోట్లతో కంపెనీని దాటుతుంది. పుస్తకాల్లో యంత్రాల విలువ కంపెనీలో రూ.1.67 కోట్లు ఉండగా, సంస్థలో రూ.96 లక్షలే మిగులుతుంది. లాభాన్ని ఆ విలువతో భాగించి చూసేవారికి కంపెనీ 60 శాతం, సంస్థ 107 శాతం రాబడి ఇస్తున్నట్లు తోస్తుంది. రెండు మిల్లుల్లో తిరుగుతున్న యంత్రం మాత్రం ఒకే వయసుది, ఒకే అరుగుదల గలది.

దీనికి తోడు కంపెనీలో డైరెక్టర్ల జీతం ఖర్చు కింద రాస్తారు. ఏకవ్యక్తి యాజమాన్యంలో యజమాని తన కష్టానికి జీతం రాసుకోడు. సొంత షెడ్డులో నడిచే మిల్లుకు అద్దె ఉండదు. లాభ శాతాలు పోల్చేవారు ఈ రెండూ మొదట సరిచేసుకోకపోతే మిగిలిన లెక్కంతా వృథా.

మిగిలిన సరకుకు ఏ ధర?

మిర్చి ధర స్థిరంగా ఉండేది కాదు. ఒక మిల్లు ఫిబ్రవరిలో క్వింటాలు రూ.12 వేల చొప్పున వెయ్యి క్వింటాళ్లు, మార్చిలో రూ.15 వేల చొప్పున మరో వెయ్యి కొని, 800 క్వింటాళ్లు ఆడించిందనుకుందాం. మిగిలిన 1,200 క్వింటాళ్ల విలువ ఎంత? ముందు వచ్చింది ముందు పోయిందని లెక్కిస్తే 200 క్వింటాళ్లు పాత ధరకు, వెయ్యి క్వింటాళ్లు కొత్త ధరకు కలిపి రూ.1.74 కోట్లు. సగటు ధర రూ.13,500 పెడితే రూ.1.62 కోట్లు. తేడా రూ.12 లక్షలు. ఆ మొత్తం నేరుగా ఆ ఏటి లాభంలో కలుస్తుంది లేదా తగ్గుతుంది. సరకు విలువకు సంబంధించిన రెండో అకౌంటింగ్ ప్రమాణం ఈ రెండు పద్ధతులనూ అనుమతిస్తోంది. ఏటా ఒకే పద్ధతి పాటించే మిల్లును దాని గతంతో పోల్చవచ్చు. వేరే పద్ధతి పాటించే పొరుగు మిల్లుతో పోల్చాలంటే మాత్రం ఈ తేడాను ముందు తీసేయాలి.

శీతల గిడ్డంగి అద్దె విషయమూ ఇలాంటిదే. ఉత్పత్తిలో తదుపరి దశకు ముందు నిల్వ తప్పనిసరి అయితే తప్ప నిల్వ ఖర్చులను సరకు విలువలో కలపరాదని ఆ ప్రమాణం చెబుతోంది. కారానికి పోయే కాయను నెలల తరబడి చల్లగా ఉంచడం ఉత్పత్తిలో భాగమా, కేవలం నిల్వా అన్నదానిపై ఇద్దరు ఆడిటర్లు రెండు విధాలుగా ఆలోచించవచ్చు. ఒకరు కలిపితే మార్చి నాటికి కట్టిన అద్దెలో కొంత వచ్చే ఏటికి జారుతుంది. మరొకరు ఈ ఏటి ఖర్చులోనే రాస్తారు.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఇంతవరకు చదివినవారు మొదటి మిల్లే మేలని తేల్చేస్తే అదీ తొందరపాటే. నిష్పత్తి చూపని ప్రమాదం ఆ మిల్లులో ఉంది. ఏప్రిల్ ఆఖరుకు దాని చేతిలో రూ.7.25 కోట్ల సరకు ఉంటుంది. ఆ తర్వాత ధర 20 శాతం పడితే సరకు విలువ రూ.1.45 కోట్లు తరుగుతుంది. రెండు కోట్ల సొంత సొమ్ములో మిగిలేది రూ.55 లక్షలు. కరెంట్ రేషియో 1.07. గుంటూరుకు ధరల పతనం కొత్త కాదు. 2017లో ధర కుప్పకూలి క్వింటాలుకు రూ.5 వేల చొప్పున, 2025లో మళ్లీ పడిపోయి రూ.11,781 చొప్పున కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ధరలు ప్రకటించవలసి వచ్చింది. ఏప్రిల్‌లో కొన్న సరకు మార్చి 31 పట్టీలో అసలు ఉండదు గనుక, ఆ పట్టీని ఎంత గుచ్చి చూసినా ఈ ప్రమాదం సగమే కనబడుతుంది.

రెండో మిల్లుది వేరే ప్రమాదం. ధర పడితే దానికి నష్టం స్వల్పం. అక్టోబరులో ధర ఎగబాకితే, పాత ధరకు కారం సరఫరా చేస్తానని ఒప్పుకున్న ఆర్డర్లు మెడకు చుట్టుకుంటాయి. దాని సొంత సొమ్ము రూ.1.20 కోట్లే కనుక అలాంటి రెండు మూడు నెలలు తట్టుకోవడం కష్టమవుతుంది.

ఏమి అడగాలి?

అరువు ఇచ్చే వ్యాపారికి గానీ, వాటా పెట్టదలచిన బంధువుకు గానీ మొదట కావలసింది ఆస్తి అప్పుల పట్టీ వెనుక ఉండే వివరణలు. అకౌంటింగ్ విధానాల శీర్షిక కింద తరుగుదల ఏ పద్ధతిలో తీశారో, సరకుకు ఏ ధర వేశారో ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. ఆ ఏడు పద్ధతి మార్చి ఉంటే దాని ప్రభావం కూడా అక్కడే రాయాలి. పద్ధతులు వేరైతే తరుగుదల, వడ్డీ తీయకముందు లాభాన్నే పోల్చడం ఉత్తమం.

రెండోది నెలవారీ సమాచారం. క్యాష్ క్రెడిట్ వాడే మిల్లు బ్యాంకుకు సరకు నివేదిక ఇస్తుంది. దాని ఆధారంగానే ఎంత సొమ్ము వాడుకోవచ్చో బ్యాంకు నిర్ణయిస్తుంది. పన్నెండు నెలల నివేదికలు వరుసగా పెడితే సీజను ఎత్తుపల్లాలు కళ్లకు కడతాయి. ఈ స్థాయి అమ్మకాలున్న మిల్లు జీఎస్టీ రిటర్నులను నెలనెలా దాఖలు చేస్తుంది గనుక, అమ్మకాల అంకెను వాటితో సరిచూడవచ్చు. పోలిక కూడా మార్చిని మార్చితో, జనవరిని జనవరితో చేయాలి.

నెలవారీ కాగితాలు చూపడానికి మిల్లు ఇష్టపడకపోతే మరో మార్గముంది. లాభనష్టాల ఖాతాలోని వడ్డీ మొత్తాన్ని వడ్డీ రేటుతో భాగిస్తే ఏడాది సగటు అప్పు సుమారుగా తెలుస్తుంది. ఒక జిన్నింగు మిల్లు మార్చి 31న రూ.60 లక్షల అప్పే చూపి, ఏడాది వడ్డీ మాత్రం రూ.36 లక్షలు కట్టిందనుకుందాం. రేటు 10 శాతమైతే సగటు అప్పు రూ.3.60 కోట్లు. చూపిన దానికి ఆరు రెట్లు. అది సీజను వల్ల కావచ్చు, తేదీకి ముందు అప్పు తీర్చి తర్వాత మళ్లీ తీసుకోవడం వల్లా కావచ్చు. ఏదన్నది మిల్లు బ్యాంకు ఖాతాలో మార్చి ఆఖరు వారం, ఏప్రిల్ మొదటి వారం కదలికలు చూస్తే తేలుతుంది.

మన కమీషన్ వ్యాపారి విషయానికి వస్తే, అతడు రూ.40 లక్షల సరకు ఇవ్వబోయేది ఏప్రిల్‌లో. సొమ్ము తిరిగి రావలసింది జూన్‌లో. అంటే మొదటి మిల్లు అప్పు శిఖరానికి చేరి, దిగడం మొదలయ్యే రోజులు. ఆ 45 రోజుల్లో మిల్లు చేతికి వచ్చే సొమ్ము నెలకు రూ.కోటి చొప్పున రూ.కోటిన్నర వసూళ్లు. అందులోంచి బ్యాంకుకు, కూలీలకు, గిడ్డంగికి పోగా తన వంతు ఎంత మిగులుతుందన్నది అతడు అడగవలసిన ప్రశ్న. మార్చి 31 నాటి 1.38లో గానీ, 1.67లో గానీ దానికి జవాబు లేదు.